రేడియం పట్టీలో రేడియం ఉండదు: ట్రాఫిక్ డ్యూటీ బట్టల మీద అపోహలు, వాస్తవాలు

నల్గొండ క్లాక్ టవర్‌కు దగ్గర్లో నాది యూనిఫాం కుట్టే దుకాణం. ట్రాఫిక్‌వాళ్ల తెల్ల చొక్కాలు, ఖాకీ ప్యాంట్లు కుడతాను, జాకెట్ల పట్టీలు మారుస్తాను. గిరాకీ ఎవరైనా కొన్ని మాటలు మాత్రం అవే వినిపిస్తాయి.

అపోహ: ఎండలో నిలబడేవాళ్లకు పల్చటి కాటన్‌ను మించింది లేదు.

ఇది సగమే నిజం. కాటన్ చెమటను పీల్చుకుంటుంది గానీ తొందరగా వదలదు. మే నెలలో పన్నెండు కొట్టేసరికి చొక్కా తడిసి వీపుకు అతుక్కుంటుంది, ఇక లోపల గాలి ఆడదు. పైగా పల్చటి తెల్ల కాటన్ తడిస్తే ఎండలోని అతినీలలోహిత కిరణాలు పొడిబట్టలో కంటే ఎక్కువగా ఒంటికి తగులుతాయి. అలాగని పాలిస్టర్ పాలు మరీ ఎక్కువైతే బండ్ల పొగలోని జిడ్డు మసి కాలర్‌ను పట్టుకుని వదలదు. అందుకే కాటన్ పాలు ఎక్కువున్న, మధ్యరకం మందం టెరికాట్ తీసుకొమ్మంటాను. కొనేముందు గుడ్డ మీద ఒక నీటిచుక్క వేసి చూడండి. వెంటనే పరుచుకుంటే పనికొస్తుంది, ముత్యంలా నిలబడితే చెమట కూడా అలాగే పైనే నిలుస్తుంది.

గుడ్డ ఎంత మంచిదైనా కుట్టు బిగుతైతే లాభం లేదు. ట్రాఫిక్ మనిషి రోజంతా చేయి ఎత్తి దించుతాడు. చంక దగ్గర వదులు, వీపున ఒక మడత లేకపోతే చేయి ఎత్తినప్పుడల్లా చొక్కా బెల్టులోంచి పైకి వచ్చేస్తుంది.

అపోహ: టోపీ ఉంటే తలకు ఎండ లేనట్టే.

నీడ ఒక్కటే చాలదు, టోపీకి, మాడుకు మధ్య ఖాళీ ఉండాలి. పాతకాలపు జీలుగు బెండు టోపీలో చల్లదనం బెండుతోపాటు ఆ ఖాళీ వల్ల కూడా. లోపల తడి కర్చీఫ్ పెట్టుకోవడం తడి ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. ఆరాక అదే గాలి రంధ్రాలను మూసే ఇంకో పొర అవుతుంది. ముందుకు మాత్రమే అంచున్న టోపీ చెవులనూ మెడ వెనకనూ కాపాడదు. ఇక ముక్కుకు కట్టుకునే కర్చీఫ్ దుమ్మును కొంత ఆపుతుంది, డీజిల్ పొగలోని సన్నటి మసిని సరిగా ఆపలేదు, విషవాయువులను అసలే ఆపదు.

అపోహ: రేడియం పట్టీ చీకట్లో దానంతట అదే వెలుగుతుంది, పగలు మెరుస్తుంటే బాగున్నట్టే.

మనం అలవాటుగా రేడియం అంటాం గానీ అందులో ఉండేది ఇసుక కంటే సన్నటి గాజుపూసలు, లేకపోతే చిన్న చిన్న ప్రిజాలు. అవి హెడ్‌లైట్ వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతాయి, అందుకే డ్రైవర్ కంటికి మెరుస్తుంది. పక్కన నిలబడ్డవాడికి అంత కనబడదు. పగలు, మసక వెలుతురులో మనిషిని చూపించేది జాకెట్‌కున్న ఫ్లోరసెంట్ రంగు. అది ఎండకు వెలిసిపోతుంది. రెండింటి పనీ వేరు, చెడిపోయే తీరూ వేరు.

మొన్నామధ్య హైవే మీద డ్యూటీ చేసే ఒకాయన జాకెట్ జిప్పు మార్చమని తెచ్చాడు. ‘‘పట్టీలు కూడా పోయినట్టున్నయి, సార్’’ అన్నాను. ‘‘తళతళ మెరుస్తున్నయి కదా మాస్టారూ, ఏం పోయినయి?’’ అన్నాడు. షట్టర్ దించి లైట్లు ఆర్పాను. జాకెట్‌ను హ్యాంగర్‌కు తగిలించి, పక్కనే కొత్త పట్టీ ముక్క పిన్ను చేశాను. పది అడుగుల దూరంలో ఆయన్ను నిలబెట్టి, ఫోన్ టార్చిని కంటి పక్కన చెంపకు ఆనించి పట్టుకోమన్నాను. టార్చి కంటికి దూరమైతే ఈ పరీక్ష లెక్కలోకి రాదు. కొత్త ముక్క తెల్లగా భగ్గుమంది. భుజాల మీది పట్టీ పర్వాలేదు. నడుము చుట్టూ ఉన్నది మాత్రం బూడిద రంగులో చచ్చిపడుంది. వైర్‌లెస్ సెట్ ఒరుసుకునే ఎడమ పక్కన మరీ నల్లగా ఉంది.

పూసలు రాలింది రాపిడికే కాదు. మసి పోవాలని ఇంట్లో బ్లీచింగ్‌లో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, ఇస్త్రీ కూడా చేశారట. నడుము పట్టీ విప్పేసి ఐదు సెంటీమీటర్ల వెడల్పుది కొత్తది వేశాను. రెండు అంచుల మీదే కుట్టాలి. నడుమ కుట్టేస్తే ఆ గీత పొడవునా పూసలు రాలతాయి, సూది రంధ్రాల్లోంచి నీళ్లు కూడా దిగుతాయి. చేతులకు కూడా ఒక్కో పట్టీ వేస్తానన్నాను. నడుముకే పట్టీ ఉంటే రాత్రి దూరం నుంచి అది రోడ్డు మీది స్తంభమో మనిషో తెలియదు, చేయి కదిలితేనే అక్కడ మనిషి ఉన్నాడని డ్రైవర్‌కు అర్థమవుతుంది.

ఉతకడం సంగతి కూడా చెప్పాను. చల్లటి నీళ్లు, కొంచెం సబ్బు పొడి, చేత్తో మెల్లగా ఉతికి నీడలో ఆరేయాలి. లోపలి లేబుల్ మీద ఎన్ని ఉతుకుల దాకా పనిచేస్తుందో రాసి ఉంటే అది దాటాక టార్చితో చూసుకుంటూ ఉండాలి.

‘‘ఇదంతా మా ఇంటామెకు చెప్తే నమ్మదు’’ అంటూ ఆయన విప్పిన పాత పట్టీనీ కొత్త ముక్కనూ పక్కపక్కన పెట్టి, ఆ చీకట్లోనే ఫ్లాష్ వేసి ఫొటో తీసుకుని ఇంటికి పంపాడు.