కీటో ఆహారం: చక్కెర మామూలుగా ఉన్నా ముప్పు ఎవరికి?

కీటో ఆహారం గురించిన మాటలన్నీ ఎవరు ఎన్ని కిలోలు తగ్గారన్న దగ్గరే తిరుగుతుంటాయి. అసలు విషయం తూకం కాదు, ఇంధనం. గ్లూకోజు మీద నడిచే శరీరాన్ని కొవ్వు మీద నడిచేలా మార్చడమే ఈ పద్ధతి. ఆ మార్పు ఎక్కడి దాకా వెళ్లి ఆగాలో నిర్ణయించేది ఇన్సులిన్. ఈ ఒక్క సంగతి తెలిస్తే, ఇది ఎవరికి పడదో చాలావరకు మనకే అర్థమవుతుంది.

కీటో పద్ధతిలో పిండిపదార్థాలను రోజుకు 20 నుంచి 50 గ్రాములకు కుదిస్తారు. శక్తిలో దాదాపు ముప్పాతిక వంతు కొవ్వు నుంచే అందుతుంది. తిండి నుంచి వచ్చే గ్లూకోజు తగ్గగానే శరీరం ముందుగా కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్‌ను వాడుకుంటుంది. అది సుమారు 100 గ్రాములే కాబట్టి ఒకటి రెండు రోజుల్లో చాలావరకు ఖర్చయిపోతుంది. గ్లైకోజెన్ ప్రతి గ్రాముకూ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అది కరిగితే ఆ నీరూ పోతుంది. పైగా ఇన్సులిన్ తగ్గడంతో మూత్రపిండాలు ఉప్పును ఎక్కువగా బయటికి పంపుతాయి. మొదటి వారంలో తూకం గబగబా తగ్గడానికి ముఖ్య కారణం ఇదే. చాలామంది సంబరపడేది కొవ్వు కరిగినందుకు కాదు, నీళ్లు పోయినందుకు! ఆ రోజుల్లో వచ్చే తలనొప్పికీ, నీరసానికీ కూడా చాలావరకు ఉప్పు, నీరు తగ్గడమే కారణం.

ఇక మెదడు సంగతి. దానికి రోజుకు 120 గ్రాముల వరకు గ్లూకోజు కావాలి. కండరాల్లాగా కొవ్వు ఆమ్లాలను నేరుగా వాడుకుని అది గడుపుకోలేదు. అందుకని కాలేయం ఆ కొవ్వు ఆమ్లాలను విడగొట్టి కీటోన్లు తయారుచేస్తుంది. ఇవి నీటిలో కరుగుతాయి, మెదడులోకి తేలిగ్గా వెళతాయి. విచిత్రం ఏమిటంటే, వీటిని తయారుచేసే కాలేయానికి మాత్రం వీటిని వాడుకునే ఎంజైమ్ లేదు. చేసినదంతా ఇతర అవయవాలకు పంపాల్సిందే. కీటోన్లు ఎంత పెరిగినా మెదడుకు కొంత గ్లూకోజు కావాలి. దాన్ని మాంసకృత్తుల నుంచీ, కొవ్వు విడిపోయినప్పుడు వచ్చే గ్లిజరాల్ నుంచీ కాలేయమే తయారుచేస్తుంది.

కీటోన్లలో ముఖ్యమైన రెండూ ఆమ్లాలే. వాటి తయారీకి అడ్డుకట్ట లేకపోతే రక్తం ఆమ్లపూరితమవుతుంది. ఆ అడ్డుకట్ట ఇన్సులిన్ చేతిలో ఉంది. అది రెండు చోట్ల పనిచేస్తుంది. కొవ్వు కణాల నుంచి కొవ్వు ఆమ్లాలు మరీ ఎక్కువగా విడుదల కాకుండా చూస్తుంది. కాలేయానికి చేరినవి అక్కడి కణాల్లో కీటోన్లు తయారయ్యే చోటైన మైటోకాండ్రియాలోకి ఒక్కసారిగా దూరకుండానూ ఆపుతుంది. రక్తంలో చక్కెరను అదుపు చేయడానికి కావలసినంత ఇన్సులిన్ ఈ పనికి అవసరం లేదు, కొద్దిపాటి ఉన్నా చాలు. కీటోన్లు పెరిగితే క్లోమం మరికాస్త ఇన్సులిన్‌ను వదులుతుంది. కాబట్టే క్లోమం సరిగా పనిచేసేవారు కీటో ఆహారం తీసుకున్నా, కీటోన్లు సాధారణంగా లీటరు రక్తానికి 0.5 నుంచి 3 మిల్లీమోల్‌ల మధ్య నిలకడగా ఉంటాయి. మధుమేహంలో కీటోన్లు అదుపు తప్పి రక్తం ఆమ్లపూరితమయ్యే స్థితి కీటోఅసిడోసిస్. అందులో అవి 10 దాటిపోవచ్చు. రక్తపు పీహెచ్ 7.3 కంటే కిందికి పడిపోతుంది. రెండింటిలో తయారయ్యేవి ఒకే పదార్థాలు. తేడా అంతా అడ్డుకట్ట ఉందా, తెగిందా అన్నదే.

అది చడీచప్పుడు లేకుండా తెగే సందర్భం ఒకటుంది. టైప్ 2 మధుమేహం ఉన్న ఒక వ్యక్తిని ఊహించుకుందాం. ఆయన ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్ర వేసుకుంటున్నారు. డాపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ కూడా ఈ ఎస్‌జీఎల్‌టీ2 నిరోధకాల జాతివే. ఇవి రోజుకు పదుల గ్రాముల గ్లూకోజును మూత్రంలో బయటికి పంపేస్తాయి. చక్కెర తగ్గుతుంది కాబట్టి క్లోమం ఇన్సులిన్ తగ్గిస్తుంది, కొవ్వు కరగడం పెరుగుతుంది. అంటే కీటో వైపు సగం దారి మాత్రే నడిపించేసింది. ఇప్పుడాయన డాక్టరుకు చెప్పకుండా పిండిపదార్థాలు మానేశారు. నాలుగైదు రోజులకు వికారం, వాంతులు, కడుపునొప్పి మొదలయ్యాయి. శ్వాస లోతుగా, వేగంగా ఆడుతోంది. మీటరుతో చూస్తే చక్కెర 160. ‘మొదట్లో ఇలాగే ఉంటుందట, చక్కెర బాగానే ఉందిగా’ అని ఇంట్లోవాళ్లు ధైర్యం చెబుతారు. ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది. మామూలు కీటోఅసిడోసిస్‌లో చక్కెర బాగా పెరిగి హెచ్చరిస్తుంది. ఇక్కడ పెరగాల్సిన చక్కెర మూత్రంలో పోతోంది, హెచ్చరించేదేమీ లేదు.

ఇలాంటప్పుడు చూడవలసింది చక్కెరను కాదు, రక్తంలోని బీటా హైడ్రాక్సీబ్యూటిరేట్ అనే కీటోన్‌ను. మూత్రంలో ముంచి చూసే పట్టీలు దాన్ని గుర్తించలేవు. వాటికి అందేది అసిటోఅసిటేట్ ఒక్కటే. జబ్బు ముదిరినప్పుడు ఎక్కువగా ఉండేది బీటా హైడ్రాక్సీబ్యూటిరేటే కాబట్టి, పట్టీ మీద రంగు తక్కువగా ఉందని ఊరట చెందకూడదు. రక్తంలో కీటోన్లు 3 దాటి, వాంతులు కూడా ఉంటే అత్యవసర చికిత్స అవసరం. ఆసుపత్రిలో ఇన్సులిన్‌తో పాటు గ్లూకోజు కూడా ఎక్కిస్తారు. మధుమేహ రోగికి గ్లూకోజు ఏమిటని చూసేవారికి కంగారు పుట్టవచ్చు. చక్కెర పడిపోకుండా, అడ్డుకట్టను నిలబెట్టేంత ఇన్సులిన్ ఇవ్వాలంటే వేరే దారి లేదు. ఈ మందుల విషయంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లోనే హెచ్చరిక జారీ చేసింది. కీటో మొదలుపెట్టే రోజు ఉదయం మాత్ర మానేస్తే చాలనుకోవడమూ పొరపాటే. మందు ప్రభావం కొన్ని రోజులుంటుంది. శస్త్రచికిత్సకు కనీసం మూడు రోజుల ముందే దీన్ని ఆపించడం అందుకే.

టైప్ 1 మధుమేహం ఉన్నవారిలో ఇన్సులిన్ బయటినుంచే రావాలి. పిండిపదార్థాలు మానేశాం కదా అని మోతాదు మరీ కోసేసినా, జ్వరం వచ్చిన రోజు పెంచకపోయినా ఇదే ముప్పు. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడే టైప్ 2 వారికి ఎదురయ్యేది దీనికి తిరగబడిన సమస్య. తిండి తగ్గి మందు అలాగే ఉంటే చక్కెర పడిపోతుంది. రక్తపోటు మాత్రలు వేసుకునేవారికి ఉప్పు, నీరు పోవడంతో కళ్లు తిరగవచ్చు. వీరి మందులను డాక్టరు ముందే సవరించాలి.

మధుమేహం లేకపోయినా పాలిచ్చే తల్లులు దీనికి దూరంగా ఉండాలి. పాలలోని లాక్టోజు తయారీకి గ్లూకోజు ఎడతెగకుండా ఖర్చవుతుంది. ఆ సమయంలో పిండిపదార్థాలు మానేసి కీటోఅసిడోసిస్‌తో ఆసుపత్రి పాలైన తల్లుల ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. గర్భిణులకూ ఇది తగదు. క్లోమం వాపు వచ్చినవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు కూడా సొంతంగా దీని జోలికి పోకూడదు.

కొందరికి అసలు కొవ్వును మండించే యంత్రాంగమే పుట్టుకతో లోపిస్తుంది. కార్నిటైన్ లోపం, కొవ్వు ఆమ్లాలను విడగొట్టే ఎంజైముల లోపాలు ఇలాంటివే. వీరికి గ్లూకోజు ఆపేస్తే ప్రత్యామ్నాయం తయారు కాదు, ప్రాణం మీదికి వస్తుంది. 1921లో మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ మూర్ఛకు చికిత్సగా ఈ ఆహారాన్ని ప్రతిపాదించారు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు నేటికీ దీన్ని ఇస్తున్నారు. అయితే మొదలుపెట్టే ముందు ఈ లోపాలేవీ లేవని రక్తపరీక్షలతో నిర్ధారించుకుంటారు. బరువు తగ్గాలని సొంతంగా మొదలుపెట్టే పెద్దవారికి ఆ పరీక్షలు జరగవు. స్వల్ప లోపాలు కొన్ని పెద్దయ్యే దాకా బయటపడకుండా ఉండిపోతాయి. ఉపవాసం ఉన్నప్పుడో బాగా వ్యాయామం చేసినప్పుడో కండరాలు విపరీతంగా నొప్పెట్టి, మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారడం దానికి ఆనవాలు. కండరం చితికి దాని వర్ణకం మూత్రంలోకి చేరితే ఆ రంగు వస్తుంది. అలా ఒక్కసారి జరిగినా, కారణం తేలేవరకు కీటో మొదలుపెట్టకూడదు.