అరఫాత్‌కు చేరకపోతే హజ్ లేదు

చిరంజీవులకు ఆశీస్సులు.

బక్రీదు రోజు మా ఇంట్లో టీవీలో మక్కా హజ్ యాత్ర చూస్తూ మీరు వరసగా ప్రశ్నలు వేశారు. అందరూ ఒకే తెల్లబట్టలు ఎందుకు కట్టుకున్నారు, ఆ నల్లటి కట్టడం చుట్టూ ఎందుకు తిరుగుతున్నారు, గోడకు రాళ్లెందుకు విసురుతున్నారు అని. వచ్చేపోయే చుట్టాల మధ్య రెండు ముక్కల్లో చెప్పేసి ఊరుకోవడం నాకు నచ్చలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

హజ్ ఎప్పుడంటే అప్పుడు చేసేది కాదు. ఇస్లామీ సంవత్సరంలో చివరిదైన జిల్‌హజ్ నెలలో, ఎనిమిదో తేదీ నుంచి పన్నెండు లేదా పదమూడో తేదీ వరకే జరుగుతుంది. ఆ లెక్క చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది. మన పంచాంగంలో లాగా అధికమాసం కలపరు కాబట్టి, ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతూ ఒకసారి మండుటెండల్లో, ఒకసారి చలికాలంలో వస్తుంది. ఆరోగ్యం, స్తోమత ఉన్న ముస్లిం జీవితంలో ఒక్కసారి చేస్తే చాలు. అప్పు చేసి వెళ్లమని ఎవరూ చెప్పలేదు.

ముందు ఆ తెల్లబట్టల సంగతి. మక్కా చుట్టూ కొన్ని హద్దులున్నాయి. హజ్‌కు వెళ్లేవాళ్లు వాటిని దాటకముందే ఇహ్రాంలోకి రావాలి. మగవాళ్లకు అది కుట్టు లేని రెండు గుడ్డలు: ఒకటి నడుముకు, ఒకటి భుజాల మీద. ఆడవాళ్లు మామూలుగా ఒళ్లంతా కప్పే బట్టలే వేసుకుంటారు, ముఖానికి మాత్రం నిఖాబ్ కట్టరు. విమానంలో వెళ్తే ఆ హద్దు గాల్లోనే దాటిపోతుంది. అందుకే చాలామంది హైదరాబాద్‌లోనే బట్టలు మార్చుకుంటారు. హద్దు దగ్గరపడుతోందని విమానంలో చెప్పగానే మనసులో సంకల్పం చేసుకుని ‘లబ్బైక్ అల్లాహుమ్మ లబ్బైక్’ అని మొదలుపెడతారు. వచ్చాను ప్రభూ, నీ పిలుపుకు వచ్చాను అని. ఇహ్రాంలో ఉన్నంతసేపు అత్తరు పూసుకోకూడదు, గోళ్లు తీసుకోకూడదు, వేటాడకూడదు, ఎవరితోనూ గొడవపడకూడదు. వాసన సబ్బు కూడా వాడరు. గుంపులో ఎవరో కాలు తొక్కినా కోపం దిగమింగుకోవాలి. అన్నిటికంటే అదే కష్టం.

మన దేశం నుంచి వెళ్లేవాళ్లు ఎక్కువమంది మక్కా చేరగానే ముందు ఉమ్రా అనే చిన్న యాత్ర చేస్తారు. మీరు చూసిన ఆ నల్లటి కట్టడమే కాబా. దాని చుట్టూ ఏడుసార్లు తిరగడం తవాఫ్. గుళ్లో ప్రదక్షిణకు దేవుడు కుడిచేతి వైపు ఉంటాడు కదా, ఇక్కడ కాబా ఎడమచేతి వైపు ఉంటుంది. కాబాను పూజించరు. అల్లాహ్ ఆరాధన కోసం ఇబ్రాహీం ప్రవక్త, ఆయన కొడుకు ఇస్మాయీల్ కలిసి కట్టిన ఇల్లు అని మా నమ్మకం. ప్రపంచంలో ఎక్కడున్నా మేము నమాజు చేసేది దానివైపు తిరిగే.

తర్వాత సఫా, మర్వా అనే రెండు చిన్న గుట్టల మధ్య ఏడుసార్లు నడవాలి. వెళ్లడం ఒకటి, రావడం ఇంకొకటిగా లెక్క, అందుకే నడక మర్వా దగ్గర ముగుస్తుంది. పసివాడైన ఇస్మాయీల్ దాహంతో ఏడుస్తుంటే తల్లి హాజిరా నీళ్ల కోసం పరుగెత్తిన చోటు అది. ఆ తల్లి ఆదుర్దాను తలుచుకుంటూ, పచ్చ దీపాలున్న కొంత దూరం మగవాళ్లు ఇప్పటికీ చిన్నగా పరుగెత్తుతారు. అప్పుడు పుట్టిన ఊటే జంజం. ఈ నడక అయ్యాక జుట్టు కత్తిరించుకుని, ఇహ్రాం విడిచి ఎనిమిదో తేదీ కోసం ఎదురుచూస్తారు.

టీవీలో ఎక్కువగా కాబానే చూపిస్తారు కాబట్టి హజ్ అంటే కాబా దర్శనమే అనుకుంటారు చాలామంది. కానీ హజ్‌కు గుండెకాయ వేరే చోట ఉంది. ఎనిమిదిన మళ్లీ ఇహ్రాం కట్టుకుని మినా లోయలోని గుడారాలకు చేరతారు. తొమ్మిదో తేదీ పొద్దున అక్కణ్ణించి అరఫాత్ మైదానానికి వెళతారు. అది మక్కాకు దాదాపు 20 కిలోమీటర్లు. 632లో ముహమ్మద్ ప్రవక్త చివరి హజ్ ప్రసంగం చేసింది అక్కడే. ‘హజ్ అంటే అరఫాతే’ అని ఆయన మాట. మధ్యాహ్నం నుంచి పొద్దుగుంకేదాకా ఆ మైదానంలో ఉండి దువా చేసుకోవడమే అక్కడి పని. తిరగడం లేదు, విసరడం లేదు. చేతులు చాచి క్షమించమని అడగడమే. నా పక్కన ఒక ముసలాయన కాగితం మీద రాసుకొచ్చిన పేర్లు ఒక్కొక్కటే చదువుతూ వాళ్లందరి కోసం అడిగాడు. బయల్దేరేటప్పుడు ఇరుగుపొరుగు ‘మాకోసం దువా చెయ్యండి’ అంటారే, ఆ మాట తీర్చేది ఇక్కడే.

మిగతా చాలావాటిలో పొరపాటు జరిగితే దిద్దుకునే దారి ఉంది. ఇహ్రాం లేకుండా హద్దు దాటితే వెనక్కి వెళ్లి కట్టుకుని రావచ్చు, లేదా ఒక గొర్రెను ఖుర్బానీ ఇవ్వాలి. అరఫాత్‌కు అలాంటి సవరణ లేదు. పదో తేదీ తెల్లవారేలోగా కాసేపైనా ఆ హద్దుల్లో లేకపోతే ఆ ఏడాది హజ్ పోయినట్టే. అందుకే ఆసుపత్రిలో ఉన్న యాత్రికులను అంబులెన్సుల్లో తీసుకొచ్చి మైదానంలో ఉంచుతారు. అక్కడి నమిరా మసీదులో ముందు భాగం హద్దుకు బయట ఉంది. నమాజు అయ్యాక అక్కడే కూర్చుండిపోతే లాభం లేదు, వెనక్కి జరగాలి. ఆ సంగతి తెలిపే బోర్డులు లోపల పెట్టారు.

పొద్దుగుంకాక ముజ్‌దలిఫా అనే చోటికి చేరి ఆరుబయట నేలమీద పడుకుంటారు. రాళ్లు ఏరుకునేది ఎక్కువగా ఇక్కడే, శనగ గింజ కంటే కాస్త పెద్దవి. పదో తేదీన మినాలోని మూడు గోడల్లో ఒకదానికే ఏడు వేస్తారు. పదకొండు, పన్నెండు తేదీల్లో మూడు చోట్లా ఏడేసి, అంటే రోజుకు 21. మొత్తం 49. పదమూడు దాకా ఉండేవాళ్లకు 70 కావాలి. కొడుకును బలివ్వమన్న ఆజ్ఞ పాటించడానికి వెళుతున్న ఇబ్రాహీంను సైతాను ఆపబోతే, ఆయన రాళ్లతో తరిమాడని చెబుతారు. గోడలో సైతాను ఉన్నాడని కాదు, మనలోని దుర్బుద్ధిని తరమడానికి అది గుర్తు. చెప్పులు విసరడం తప్పు. ఒకప్పుడు అక్కడ సన్నని స్తంభాలుండేవి. 2004లో వాటి స్థానంలో పొడుగాటి గోడలు కట్టారు. 2006లో అక్కడి తొక్కిసలాటలో వందలమంది చనిపోయాక పాత వంతెన తీసేసి అంతస్తులుగా కొత్తది కట్టారు. ఇప్పుడు వెళ్లే దారి వేరు, వచ్చే దారి వేరు.

మొదటి ఏడు రాళ్లు వేశాక ఖుర్బానీ ఇచ్చి, మగవాళ్లు గుండు చేయించుకుంటారు, ఆడవాళ్లు వేలి కణుపంత జుట్టు కత్తిరించుకుంటారు. కొడుకుకు బదులు దేవుడు గొర్రెను పంపాడన్న జ్ఞాపకమే ఆ ఖుర్బానీ. మన బక్రీదు కూడా అదే. నెలవంక ఇక్కడ ఒక రోజు ఆలస్యంగా కనిపిస్తే మన పండుగ మర్నాడు వస్తుంది. ఆ తర్వాత కాబాకు వెళ్లి మళ్లీ తవాఫ్, సఫా మర్వాల మధ్య నడక చేసి, మినాకు తిరిగొచ్చి మిగతా రాళ్లు వేస్తారు.

మక్కా విడిచేముందు ఆఖరి పని వీడ్కోలు తవాఫ్. అది అయ్యాక బజార్లు తిరుగుతూ కూర్చోకూడదు, బయల్దేరిపోవాలి. హాజీలు తెచ్చి మీ ఇళ్లల్లో పంచే జంజం నీళ్లు ఆ హాజిరా పరుగెత్తిన చోటివే. ఖర్జూరాలు మాత్రం చాలావరకు మదీనావి. హజ్‌లో భాగం కాకపోయినా, అంత దూరం వెళ్లినవాళ్లు ప్రవక్త సమాధి ఉన్న ఆ ఊరు చూడకుండా రారు. మదీనా గురించి ఇంకో ఉత్తరంలో రాస్తాను.

మీ హాజీ తాత