తప్పు ఎవరి టేబుల్‌కి తిరిగొస్తుంది?

మా చిన్నమ్మ కూతురు హైటెక్ సిటీలో మెడికల్ క్లెయిమ్స్ ఆఫీసులో పనిచేస్తుంది. అమెరికా ఆసుపత్రుల బిల్లులు చూసి పేరు, పాలసీ నంబరు, తేదీ, మొత్తం స్క్రీన్ మీద కొట్టడం, సబ్మిట్ నొక్కడం, తర్వాతది తెరవడం, రాత్రంతా ఇదే. విసుగ్గా ఉందని టీమ్ మొత్తం గొడవ చేస్తే మేనేజర్ ఇంకో రెండు రకాల ఫారాలు కూడా వాళ్లకే ఇచ్చి దాన్ని జాబ్ ఎన్‌రిచ్‌మెంట్ అన్నాడట. "ఒక విసుగు చాలదని ఇంకో రెండు ఇచ్చాడన్నయ్యా" అంది.

అతను చేసింది జాబ్ ఎన్‌లార్జ్‌మెంట్, అంటే అదే స్థాయి పనిని పక్కలకి పెంచడం. ఎన్‌రిచ్‌మెంట్ అంటే పైవాళ్ల చేతిలో ఉన్న నిర్ణయాల్లో కొన్నింటిని కిందికి దించడం.

ఈ తేడా ఎంత పెద్దదో లెక్కలో చూపించింది హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే ఇద్దరు అమెరికన్లు, 1970లలో. పనిలో ఐదు గుణాలు చూడమన్నారు: రకరకాల నైపుణ్యాలు వాడాల్సి వస్తుందా, పని మొదటి నుంచి చివరిదాకా మన చేతిలోనే ఉంటుందా, అది ఎవరికైనా నిజంగా అవసరమా, ఎలా చేయాలో మనమే తేల్చుకోవచ్చా, బాగా చేశామో లేదో మనకి తెలుస్తుందా. ఒక్కోదానికీ 1 నుంచి 7 దాకా స్కోరు. మొదటి మూడింటి సగటు తీసి, దాన్ని స్వేచ్ఛతోనూ ఫలితం తెలియడంతోనూ గుణించాలి:

(వైవిధ్యం + పూర్తి పని + ప్రాముఖ్యం) ÷ 3 × స్వేచ్ఛ × ఫలితం తెలియడం

అసలు స్కోర్లు ప్రశ్నావళి నుంచి వస్తాయి, నేను మా చెల్లి చెప్పిందాన్ని బట్టి వేశాను. వైవిధ్యం 2, పూర్తి పని 2, ప్రాముఖ్యం 5 (రోగికి డబ్బు రావాలిగా), సగటు 3. స్వేచ్ఛ 2, ఫలితం 2. మొత్తం 12, గరిష్ఠం 343. కొత్త ఫారాలతో వైవిధ్యం 5 అయిందనుకుందాం, సగటు 4 అవుతుంది, మొత్తం 16. దాని బదులు వైవిధ్యం జోలికి పోకుండా స్వేచ్ఛని, ఫలితాన్ని చెరో 4 చేస్తే 48. ఫారాలు పెరిగితే 4 పాయింట్లు, ఇలా చేస్తే 36.

అయితే ఆ రెండింటినీ పెంచడమెలా? ట్రావెలర్స్ అనే బీమా కంపెనీలో ఇది చేసి చూశారు, 1975లో ఆ వివరాలు అచ్చయ్యాయి. అక్కడ కాగితాల్లోని వివరాలు కంప్యూటర్‌కి ఎక్కించడానికి కార్డులకి చిల్లులు కొట్టే కీపంచ్ ఆపరేటర్లు ఉండేవారు. పని ఎవరికి ఏది ఇవ్వాలో వేరే గుమస్తా తేల్చేవాడు, కాగితంలో తప్పు కళ్లకి కనిపిస్తున్నా ఉన్నది ఉన్నట్టే కొట్టాలి, తప్పుపడిన కార్డు ఆ సమయానికి ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ల దగ్గరికి పోయేది. అంటే చేసినవాళ్లకి తమ తప్పు కనిపించదు. మార్పు తర్వాత ఒక్కొక్కరికీ ఫలానా విభాగాల పని అని సొంతంగా అప్పగించారు, ఏమైనా అనుమానముంటే ఆ విభాగంతో నేరుగా మాట్లాడమన్నారు, తేలిగ్గా కనిపించే తప్పులు వాళ్లనే దిద్దుకోమన్నారు, తప్పు కార్డు కొట్టినవాళ్లకే తిరిగొచ్చేలా చేశారు. పని దాదాపు 40 శాతం పెరిగింది, గైర్హాజరు 24 శాతం తగ్గింది. యంత్రం, చిల్లులు మాత్రం పాతవే.

మా చెల్లి టీమ్ లీడర్‌కి ఈ కథ నేనే చెప్పి పంపాను. ఆయన మేనేజర్‌ని అడక్కుండా ఒక చిన్న పని చేశాడు: ఒక్కొక్కరికీ ఒక్కో ఆసుపత్రి కేటాయించి, క్వాలిటీ వాళ్లు దిద్దిన లిస్టుని శుక్రవారం ఎవరిది వాళ్లకి ఇచ్చాడు. మొదటి వారం మా చెల్లి లిస్టులో తొమ్మిది తప్పులు, అందులో ఆరు ఒకటే. అమెరికా వాళ్లు నెల ముందు రాస్తారు కదా, 03/04 అంటే మార్చి నాలుగు, ఈవిడ మన అలవాటు కొద్దీ ఏప్రిల్ మూడు అనుకుని కొట్టేది. ఎనిమిది నెలలుగా ఎవరో నోరు మెదపకుండా దిద్దుతూనే ఉన్నారు! ఆ సంగతి తెలిశాక మూడో వారానికి ఆ తప్పు లిస్టులో లేకుండా పోయింది.

పరీక్షలో ఈ సూత్రం రాసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. గుణించడమే సరైనదని తర్వాతి పరిశోధనలు గట్టిగా చెప్పలేదు, ఐదింటినీ మామూలుగా కూడినా అంతే బాగా, కొన్నిసార్లు ఇంకా బాగా అంచనా వస్తుందని తేలింది. కాబట్టి నా 48ని బంగారం తూచినట్టు తూచకండి. ఇంకోటి, అందరికీ ఇది రుచించదు. కొత్తవి నేర్చుకుని ఎదగాలన్న కోరిక ఉన్నవాళ్లకే ఎక్కువ పనిచేస్తుందని, జీతమూ ఉద్యోగ భద్రతా కుదురుగా లేకపోతే దెబ్బతింటుందని వాళ్లిద్దరే చెప్పారు. క్వాలిటీ టీమ్ వాళ్లకి ఇప్పుడే టెన్షన్ మొదలైంది, తప్పులు తగ్గితే తమ సీట్లేమవుతాయోనని. మా చెల్లి పక్క సీటు అమ్మాయికైతే లిస్టే వద్దట: "ఆసుపత్రి నాది, తప్పులు నావి, మరి జీతం పాతదేనా?" అని టీమ్ లీడర్‌నే అడిగింది. ఆయన దగ్గర దానికి ఇంకా జవాబు లేదు.