77 అనే అంకె వెనుక మూడు ప్రశ్నలు

హైదరాబాదులో ఒక అమెరికా కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాసే యువకుడు గత నెలలో నాకొక ఉత్తరం రాశాడు. వాళ్ల కంపెనీ ఇచ్చిన శిక్షణ తరగతిలో భారతదేశపు ‘అధికార దూరం’, అంటే పైఅధికారికీ కింది ఉద్యోగికీ మధ్య ఉండే ఎడం, 77 అనీ, అమెరికాది 40 అనీ తెర మీద చూపించారట. “ఈ 77 దేన్ని కొలిచిన కొలత? కిలోలా, డిగ్రీలా? అమెరికా వెళితే నాది తగ్గుతుందా?” అని అతని ప్రశ్న. ఈ అంకెను వాడే చాలామంది శిక్షకులు అడగని ప్రశ్న ఇది.

ఈ అంకెను లెక్కకట్టిన హేర్త్ హోఫ్‌స్టెడే నెదర్లాండ్స్ దేశస్థుడు, చదువు రీత్యా మెకానికల్ ఇంజనీరు. ఆయన ఐబీఎంలో ఉద్యోగుల అభిప్రాయ సేకరణ కొన్నేళ్లు చూశాడు. ఆ సేకరణలో 1967 నుంచి 1973 వరకు అనేక దేశాల శాఖల నుంచి సుమారు 1,16,000 ప్రశ్నపత్రాలు పోగుపడ్డాయి. కంపెనీ ఒకటే, పనులూ ఇంచుమించు ఒకే తరహావి. కాబట్టి జవాబుల్లో కనిపించే తేడాకు దేశమే కారణమై ఉండాలని ఆయన తర్కించాడు. 1980లో తన విశ్లేషణను పుస్తకంగా ప్రచురించాడు. అందులోని నాలుగు కొలతల్లో అధికార దూరం ఒకటి.

ఆ కొలతకు ఆధారం మూడే మూడు ప్రశ్నలు. మొదటిది, పైఅధికారితో విభేదించడానికి ఉద్యోగులు భయపడటం మీ అనుభవంలో ఎంత తరచుగా జరుగుతుంది అన్నది. చాలా తరచుగా అంటే 1, చాలా అరుదుగా అంటే 5. తరువాతి రెండింటికీ ముందుగా నలుగురు అధికారులను వర్ణిస్తారు. ఒకరు తానే నిర్ణయించి ఆజ్ఞాపిస్తాడు. రెండో వ్యక్తి తానే నిర్ణయించినా కారణాలు వివరించి ఒప్పిస్తాడు. మూడో వ్యక్తి ముందుగా అందరి సలహా విని, ఆపైన తన నిర్ణయం ప్రకటిస్తాడు. నాలుగో వ్యక్తి సమావేశం పెట్టి, ఎక్కువమంది ఏమంటే దానికి తల ఒగ్గుతాడు. మీ పైఅధికారి వీరిలో ఎవరిని పోలి ఉంటాడన్నది రెండో ప్రశ్న; మీకు ఎవరి కింద పని చేయడం ఇష్టమన్నది మూడోది. సూత్రం ఇలా ఉంటుంది:

అధికార దూరం = 135 − 25 × (మొదటి ప్రశ్నకు సగటు) + (పైఅధికారి మొదటి లేదా రెండో రకమన్నవారి శాతం) − (మూడో రకాన్ని కోరుకున్నవారి శాతం)

ఇవి నేను కల్పించిన సంఖ్యలే గాని లెక్క తెలియడానికి సరిపోతాయి. ఒక దేశంలో భయం సగటు 2.6, ఆజ్ఞాపించే లేదా ఒప్పించే అధికారులున్నారన్నవారు 57 శాతం, సలహా వినే అధికారిని కోరినవారు 50 శాతం అనుకుందాం. 135 నుంచి 65 తీసి, 57 కలిపి, 50 తీసేస్తే 77 వస్తుంది. మరో దేశంలో సగటు 3.2, శాతాలు 45, 60 అయితే 135 నుంచి 80 తీసి, 45 కలిపి, 60 తీసేస్తే 40 వస్తుంది. ఇంత పెద్దగా కనిపించే 37 తేడాలో 15 భయం ప్రశ్న నుంచి, 12 రెండో ప్రశ్న నుంచి, 10 మూడో ప్రశ్న నుంచి వచ్చాయి. 135 అన్నది అంకెలను సుమారు 0 నుంచి 100 మధ్యకు తెచ్చేందుకు పెట్టిన స్థిరాంకం మాత్రమే. అయినా మలేషియా 104 దగ్గర తేలింది, ఆస్ట్రియా 11 దగ్గర ఆగింది. కనుక 77ను నూటికి 77 అని చదవకూడదు.

నన్ను ఆకట్టుకున్నది మూడో ప్రశ్న. భయం ఎక్కువగా ఉన్న దేశాల్లో ఉద్యోగులు మెత్తని అధికారిని కోరుకుంటారని మనం ఊహిస్తాం. కానీ అక్కడ సలహా వినే మూడో రకాన్ని కోరుకునేవారే తక్కువ. కొందరు తానే నిర్ణయించే మొదటి, రెండో రకాలను ఇష్టపడతారు. మరికొందరు ఏకంగా నాలుగో రకం వైపు, అంటే అధికారికి నిర్ణయాధికారమే లేని పద్ధతి వైపు దూకుతారు. అయితే పెద్దరికం, లేకపోతే తిరుగుబాటు. మధ్యలో నిలబడి పైవాడితో సంప్రదించే అలవాటు పలచన. కాబట్టి ఇది అధికారి ఎంత కఠినుడో చెప్పే కొలత కాదు. కింద ఉన్నవారు పైనున్నవారి నుంచి ఏమి ఆశిస్తున్నారో కింది నుంచి చూసిన కొలత.

ఫ్రాన్సులోని ఇన్‌సెయాడ్ అనే మేనేజ్‌మెంట్ విద్యాసంస్థలో పనిచేసిన ఆంద్రే లోరాం 1980ల మొదట్లో ప్రచురించిన పరిశోధనలో దీనికి అద్దం పట్టే వాక్యం ఒకటి ఉంది. కింది ఉద్యోగులు పని గురించి అడిగే చాలా ప్రశ్నలకు మేనేజర్ దగ్గర కచ్చితమైన జవాబులు సిద్ధంగా ఉండటం ముఖ్యమా అని మేనేజర్లనే అడిగితే, ఔనన్నవారు స్వీడన్‌లో 10 శాతం, అమెరికాలో 18, ఫ్రాన్సులో 53, జపాన్‌లో 78. “నాకు తెలియదు, నువ్వేమంటావు?” అని అమెరికా మేనేజర్ అన్నప్పుడు అతని ఉద్దేశంలో అది గౌరవం. వినేవాడు మేనేజర్ దగ్గర జవాబు ఉండి తీరాలనుకునే కోవకు చెందితే, పని తెలియనివాణ్ణి మన మీద పెట్టారనుకుంటాడు. మన తరగతి గదుల్లో “అర్థమైందా?” అనే ప్రశ్నకు “అర్థమైంది సార్” తప్ప మరో జవాబు ఉండదు, పాతికేళ్లు పాఠాలు చెప్పిన నేను ఆ జవాబును ఒక్కసారి కూడా నమ్మలేదు, అయినా అడగడం మానలేదు.

ఆ యువకుడు ఉత్తరంలో రాసిన ఉదంతమూ ఇలాంటిదే. అమెరికాలోని మేనేజర్ కాల్‌లో, పన్నెండు మంది వింటుండగా, 15వ తేదీకి రిలీజ్ వీలవుతుందా అని అడిగాడు. టెస్టింగ్ సగం కూడా కాలేదని అందరికీ తెలుసు. టీమ్ లీడ్ “ప్రయత్నిస్తాం సార్” అన్నాడు. హైదరాబాదు చెవులకు అది మర్యాద తప్పకుండా చెప్పిన ‘కాదు’. మేనేజర్ చెవికి ‘ఔను’. పద్నాలుగో తేదీన అసలు సంగతి బయటపడ్డప్పుడు అతనికి అది అబద్ధంలా తోచింది. ఇలాంటి టీమ్‌ను గుర్తుపట్టడం కష్టం కాదు: చెడ్డ వార్తలన్నీ గడువుకు ముందురోజే వస్తాయి, సమావేశం ముగిశాక అసలు సమావేశం టీ కొట్టు దగ్గర జరుగుతుంది. “ధైర్యంగా మాట్లాడండి” అని హితవు చెప్పినా ఇది మారదు, ఎందుకంటే అదీ పైనుంచి వచ్చిన ఆజ్ఞే. ప్రశ్న అడిగే తీరు మార్చడమే కొంత పనిచేస్తుంది. ఔను, కాదు అని తేల్చనక్కర్లేకుండా, మిగిలిన పనులు ఏవి, ఒక్కొక్కదానికి ఎన్ని రోజులని అందరి ముందూ కాకుండా, కాల్‌కు ముందే లీడ్‌ను విడిగా రాసి పంపమనాలి. అప్పుడు అతను పైవాడిని కాదననక్కర్లేదు, లెక్క తానే కాదంటుంది.

రెండో కొలత వ్యక్తివాదం గురించి ఇక్కడ ఒక్క మాటే. ఉద్యోగం నుంచి ఏమి కోరుకుంటారన్న పద్నాలుగు అంశాల నుంచి దాన్ని లెక్కకట్టారు. అందులో అమెరికాకు 91, మనకు 48. వ్యక్తివాదం హెచ్చిన చోట అధికార దూరం తగ్గడం మామూలు. కానీ ఫ్రాన్సుకు అవి 71, 68. అంటే ఎవరి దారి వారు చూసుకునే దేశంలోనే పైవాడి నిర్ణయం కోసం ఎదురుచూడటమూ ఉండగలదు. రెండూ ఒకే నాణేనికి రెండు ముఖాలని బోధించేవారు ఫ్రాన్సును దాటవేస్తారు.

ఈ అంకెల పునాది మీద అనుమానాలు న్యాయమైనవే. బ్రెండన్ మెక్‌స్వీనీ అనే విమర్శకుడు 2002లో చూపించినట్టు, మొదటి విడతలో పాకిస్తాన్ నుంచి జవాబిచ్చినవారు 37 మందే. అందరూ ఒకే కంపెనీ ఉద్యోగులు. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటుంది. ఆ మూడు ప్రశ్నలూ దేశాల సగటులను పోల్చినప్పుడే కలిసి నడుస్తాయి. ఒకే దేశంలోని మనుషులను పోలిస్తే ఆ సంబంధం కనిపించదని హోఫ్‌స్టెడే స్వయంగా చెప్పాడు. భయపడుతున్నానన్న మనిషే ఆజ్ఞాపించే అధికారిని కోరాలనేమీ లేదు. ఒక మనిషికి ఈ సూత్రం వేస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు. అయినా మన శిక్షణ తరగతుల్లో దేశం పేరు చెప్పగానే, జన్మనక్షత్రం చెప్పిన వెంటనే జాతకం చదివినట్టు, ఎదుటి మనిషి స్వభావం చదివేస్తారు.

అందుకని ఆ యువకుడికి, అమెరికా వెళితే తగ్గడానికి నీ దగ్గర 77 ఏమీ లేదని జవాబు రాశాను. టీమ్ లీడ్‌కు కూడా ఆ మాట చెప్పమన్నాను. చెప్పలేదట, లీడ్ వయసులో పెద్దవాడు కదా అన్నాడు.