చేయి విరిగిన పిల్లాడికి స్క్రైబ్ ఇస్తారా? అపోహలు - వాస్తవాలు

ప్రతి మార్చిలో నాకు ఒక ఫోన్ వస్తుంది. ఊరు మారుతుంది, పిల్లాడు మారతాడు గానీ మాట మారదు. "మాస్టారూ, మావాడు సైకిల్ మీంచి పడ్డాడండీ. కుడిచెయ్యి. పిండికట్టు కట్టారు. పదో తరగతి పరీక్షలు నెత్తి మీదున్నాయి. స్క్రైబ్ అంటే సదరెం సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే కదండీ. ఇంక ఈ ఏడాదికి మానిపించేద్దాం అనుకుంటున్నాం."

మానిపించకండి. పిల్లాడు చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషే స్క్రైబ్. ఇరవై ఏళ్లుగా పబ్లిక్ పరీక్షల డ్యూటీ చేస్తున్నాను. పిల్లలకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది ఈ ఒక్క అపోహే. సదరెం అనేది దీర్ఘకాలిక వైకల్యానికి ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్. ప్రమాదంలో చెయ్యి విరిగిన పిల్లవాడిని ఆ సర్టిఫికెట్ ఎవరూ అడగరు. సీబీఎస్ఈ నియమావళిలో ప్రమాదం వల్ల రాయలేకపోయిన విద్యార్థిని విడిగానే పేర్కొన్నారు. అసిస్టెంట్ సర్జన్ స్థాయికి తగ్గని వైద్యాధికారి ధ్రువీకరిస్తే స్క్రైబ్‌ను అనుమతిస్తారు. మన పదో తరగతి బోర్డు పరీక్షల్లోనూ ఇలాంటి పిల్లలు ప్రతి ఏడాదీ రాస్తూనే ఉన్నారు. "నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితా, పంపినప్పుడే చెప్పాలట, గడువు అయిపోయిందట" అని ఎవరో అన్నారని ఆగిపోయేవాళ్లు కూడా ఉన్నారు. చెయ్యి విరగడానికి గడువేముంది? ఆ గడువు ముందునుంచీ వైకల్యం ఉన్న పిల్లలకు. విన్న మాట పట్టుకుని ఇంట్లో కూర్చోకుండా, కట్టు కట్టించిన మర్నాడే బడికి వెళ్లి హెడ్మాస్టర్‌ని కలవండి.

అసలు చిక్కు సర్టిఫికెట్ దగ్గర వస్తుంది. గోదావరి జిల్లాల్లో నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు ఒకబ్బాయికి పరీక్షలకు 11 రోజుల ముందు కుడి మణికట్టు విరిగింది. తండ్రి ప్రైవేటు ఎముకల డాక్టరు కాగితం తెచ్చాడు. అందులో "కుడి మణికట్టు ఎముక విరిగినది, కట్టు వేయడమైనది, ఆరు వారాలు విశ్రాంతి అవసరం" అని ఉంది. స్క్రైబ్ అర్జీతో పంపితే, జిల్లా విద్యాధికారి ఆఫీసు పరీక్షల సెక్షన్ నుంచి అది వెనక్కి వచ్చింది. తండ్రి కన్నీళ్లు పెట్టుకున్నాడు, లంచం కోసమే తిప్పుతున్నారేమో అన్నాడు. కాదు. ఆ కాగితం చదివితే నాకూ అర్థమైంది. పిల్లవాడు ఏ చేత్తో రాస్తాడో అందులో లేదు, రాయగలడో లేడో లేదు, ఎప్పటిదాకా రాయలేడో లేదు. విశ్రాంతి కావాలనే మాట బడికి సెలవు పెట్టుకోవడానికి సరిపోతుంది, స్క్రైబ్ ఇవ్వడానికి సరిపోదు.

మర్నాడు ఎక్స్‌రే ఫిలిం, ప్రైవేటు డాక్టరు కాగితం రెండూ ఇచ్చి తండ్రీకొడుకులను ప్రభుత్వ ఏరియా ఆసుపత్రికి పంపాను. కాగితం మీద ఏమేం ఉండాలో ఒక చీటీ రాసిచ్చాను. సివిల్ సర్జన్ పిల్లవాడి చెయ్యి చూసి రాసిచ్చిన దాని సారాంశం ఇది: ఇతను కుడిచేత్తో రాసే విద్యార్థి, కుడి మణికట్టు విరిగి మోచేతి కిందిదాకా కట్టు ఉంది, పెన్ను పట్టుకోలేడు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు రాయలేడు. పరీక్షల ఆఖరి రోజు ఆ తేదీల లోపే ఉండేలా చూసుకున్నాం. కింద ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు, పిల్లవాడి ఫొటో మీద సంతకం. ఈసారి కాగితం తిరిగి రాలేదు.

ఆ ఆఖరి తేదీ గురించి ఇంకో మాట. పరీక్షకు రెండు రోజుల ముందు కట్టు తీసేయమని డాక్టర్లను బతిమాలే తల్లిదండ్రులు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఎముక సరిగా అతుక్కోకపోవచ్చు, పైగా కట్టు తీసిన చెయ్యి వెంటనే రాయదు. వారాల తరబడి కదలని మణికట్టు బిగుసుకుపోయి ఉంటుంది, పట్టు ఉండదు. అర పేజీ రాసేసరికి నొప్పి మొదలవుతుంది. డాక్టరు పరీక్షల మధ్యలో కట్టు తీస్తానంటే, తీసిన తర్వాత ఎన్ని రోజులు రాయలేడో కూడా సర్టిఫికెట్‌లో రాయమనండి.

ఇక అదనపు సమయం. స్క్రైబ్ ఇస్తే సమయం దానంతటదే వస్తుందని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఒకప్పుడు ఒక అమ్మాయి అర్జీలో "స్క్రైబ్‌ను అనుమతించగలరు" అని మాత్రమే రాశాను. అనుమతీ అంతవరకే వచ్చింది. సోషల్ పరీక్షలో ఆ పిల్లకు జవాబులన్నీ తెలుసు, చెబుతూనే ఉంది, రెండు ప్రశ్నలు మిగిలి ఉండగా బెల్లు కొట్టారు. ఆ ముఖం నాకిప్పటికీ గుర్తుంది. శాశ్వత వైకల్యం ఉన్నవారికి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా ఇవ్వాలి, అంటే 3 గంటల పేపరుకు 60 నిమిషాలు. విరిగిన చేతికి ఆ లెక్క తనంతట తాను వర్తిస్తుందని నమ్ముకోకూడదు. అర్జీలో స్క్రైబ్ ఒక వాక్యం, అదనపు సమయం ఇంకో వాక్యంగా విడివిడిగా అడగాలి. ఆర్డరు వచ్చాక రెండూ ఉన్నాయో లేదో ఆఫీసులో ఉండగానే చదవాలి. సెంటర్లో చీఫ్ సూపరింటెండెంట్ ఎంత మంచివాడైనా ఆర్డర్లో లేని సమయం ఇవ్వలేడు. "సెంటర్‌కి వెళ్లి చూసుకుందాంలే" అనేది కూడా అందుకే పనికిరాదు.

స్క్రైబ్‌గా ఏ క్లాసైనా సరే బాగా చదివే పిల్లాడినో, డిగ్రీ చదివే అన్ననో పెట్టుకోవచ్చనేది వట్టి మాట. పదో తరగతికి తొమ్మిదో తరగతి విద్యార్థే రావాలి. తొమ్మిది చదువుతున్నట్టు ఆ విద్యార్థి హెడ్మాస్టర్ ఇచ్చే బోనఫైడ్, ఫొటో అర్జీతో జతచేయాలి. నేనైతే ఇద్దరి పేర్లు సిద్ధంగా ఉంచుకుంటాను, మార్చి ఎండకు ఒకరికి జ్వరం వచ్చినా ఇంకొకరు ఉంటారు. స్క్రైబ్ రాస్తే మార్కులు తగ్గుతాయన్నది కూడా నమ్మకండి. దిద్దేవాళ్లకు కనిపించేది జవాబే.

అనుమతి వచ్చాక చాలామంది హాయిగా ఊపిరి పీల్చుకుంటారు గానీ, లెక్కల పేపరు అప్పుడే గుర్తు చేసుకోవాలి. మణికట్టు విరిగిన ఆ అబ్బాయిని, స్క్రైబ్‌ను మా ఆఫీసు గదిలో కూర్చోబెట్టి పాత పేపరు రాయించాను. వర్గ సమీకరణం లెక్కలో వీడు "మైనస్ బీ ప్లస్ ఆర్ మైనస్ రూట్ బీ స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ బై టూ ఏ" అని గడగడా చెప్పేశాడు. తొమ్మిదో తరగతి పిల్ల ఆ పాఠం ఎప్పుడూ వినలేదు. రూట్ గుర్తును బీ స్క్వేర్ మీదే ఆపేసింది, టూ ఏని రూట్ భాగం కిందే రాసింది. తప్పు ఆ పిల్లది కాదు. ఆ సాయంత్రం నుంచి వాడు చెప్పే తీరు మార్పించాను: "మైనస్ బీ ప్లస్ ఆర్ మైనస్. రూట్ తెరువు. బీ స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ. రూట్ మూసెయ్. ఇప్పుడు మొదటి మైనస్ బీ నుంచి చివరిదాకా కింద పొడుగ్గా గీత గియ్యి. గీత కింద టూ ఏ." ప్రతి లైను తర్వాత కాగితం తనవైపు తిప్పించుకుని చూడటం కూడా అలవాటు చేశాం. బొమ్మలు ఇంకా నెమ్మది. త్రిభుజం గీయించాలంటే ముందు భూమి ఎన్ని సెంటీమీటర్లో, ఏ చివర ఏ అక్షరమో, తర్వాత వృత్తలేఖిని ఎక్కడ గుచ్చాలో వరసగా చెప్పాలి.

మొదటి రోజు ఆ పేపరుకు నాలుగు గంటలు దాటింది. మూడోసారికి మూడు గంటల ఇరవై నిమిషాల్లో ముగించారు. ఆర్డర్లో గంట అదనంగా ఉంది. పరీక్ష రోజు విడిగా ఇచ్చిన గదిలో, ఇన్విజిలేటర్ ఎదురుగా, ఇద్దరూ పేపరంతా రాసి, ఒకసారి మొదటినుంచి సరిచూసుకుని బయటికొచ్చారు.