స్లైడింగ్ గేటు బిగుసుకుపోవడం: అపోహలు, వాస్తవాలు

ఇంటి ముందు పక్కకు జరిగే ఇనుప గేటు బరువంతా అడుగున ఉన్న రెండు చక్రాల మీదే ఉంటుంది. ఆ చక్రాలు నేలలో పాతిన యాంగిల్ ట్రాక్ మీద నడుస్తాయి. పైన పిల్లర్ దగ్గరుండే గైడ్ రోలర్లు గేటును నిటారుగా నిలబెడతాయి, బరువు మోయవు. గేటు కదలనప్పుడు చాలామంది చేసే పనులు జబ్బును పెంచేవే.

అపోహ: ట్రాక్‌కు గ్రీజు పూస్తే గేటు సాఫీగా జరుగుతుంది.

వాస్తవం: చక్రం ట్రాక్ మీద దొర్లుతుంది. దొర్లే చోట జిడ్డు అక్కర్లేదు. అక్కడ గ్రీజు గానీ వాడేసిన ఇంజిన్ ఆయిల్ గానీ పూస్తే రోడ్డు దుమ్ము, ఇసుక వచ్చి అంటుకుని ముద్దవుతాయి. ఆ ముద్ద చక్రం గాడినీ ట్రాక్ అంచునూ రెండింటినీ అరగదీస్తుంది. ట్రాక్‌కు కావలసింది చీపురు, పొడిగుడ్డ, తుప్పు పట్టిన చోట వైర్ బ్రష్. అంతే. ఇప్పటికే గ్రీజు ఉంటే కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, తర్వాత పొడిగుడ్డతో ఆరబెట్టండి. ఆ కిరోసిన్ చక్రాల మీద మాత్రం పోయకండి, బేరింగ్‌లో ఉన్న గ్రీజును కడిగేస్తుంది.

అపోహ: చక్రానికి స్ప్రే కొడితే తుప్పు వదిలి మళ్ళీ తిరుగుతుంది.

వాస్తవం: ముందు చక్రం తిరుగుతోందో లేదో చూడండి. సుద్దముక్కతో చక్రం మీదే పక్కవైపు గీత గీసి, గేటును రెండడుగులు తొయ్యండి. గీత తిరగకుండా గేటు జరిగిందంటే చక్రం దొర్లడం లేదు, ఈడ్చుకుపోతోంది. ట్రాక్ మీద సన్నగా మెరిసే చార కూడా కనిపిస్తుంది. రెండు వైపులా సీలు ఉన్న బేరింగ్‌లోకి పైనుంచి కొట్టిన ఆయిల్ సరిగా చేరదు. లోపల తుప్పు పట్టాక చక్రం మార్చడమే దారి. ఈడ్చుకుపోయిన చక్రం ఒకవైపు చదునుగా అరిగి ఉంటుంది కాబట్టి బేరింగ్ ఒక్కటే మారిస్తే దడదడ పోదు. మార్చేటప్పుడు రెండు చక్రాలూ ఒకేసారి, ఒకే సైజువి వేయించండి. ఒకటి కొత్తది, ఒకటి అరిగినది అయితే గేటు ఒక పక్కకు ఒరిగి పై రోలర్లకు రాసుకుంటుంది.

తుప్పు విడిపించే స్ప్రేకు ఒక చోట మంచి ఉపయోగం ఉంది. చక్రం బోల్టు ఊడదీసే ముందు నట్టు మీద కొట్టి పావుగంట ఆగితే మరలు తెగకుండా వస్తుంది. గ్రీజు నిపిల్ ఉన్న చక్రమైతే గ్రీజు గన్‌తో లిథియం గ్రీజు ఎక్కించవచ్చు.

అపోహ: గేటు ఇరుక్కుంటే చక్రాలు పోయినట్టే.

వాస్తవం: మొదటి నుంచి చివరిదాకా బరువుగా ఉంటే చక్రాలను అనుమానించండి. ప్రతిసారీ ఒకే చోట ఆగితే ట్రాక్‌ను చూడండి. ఒక ఉదాహరణ: 12 అడుగుల గేటు, చక్రాల మధ్య దూరం 9 అడుగులు. తెరిచేటప్పుడు అడుగు జరిగాక ఒకసారి పట్టేసింది, 10 అడుగుల దగ్గర మళ్ళీ పట్టేసింది. తేడా సరిగ్గా 9 అడుగులు. అంటే ట్రాక్ మీద ఒకే చోట లోపం ఉంది, దాని మీదుగా మొదట గేటు జరిగే వైపున్న చక్రం, తర్వాత రెండో చక్రం దాటుతున్నాయి. ఇసుక లారీ మలుపు తిరుగుతూ పిల్లర్ పక్కన ఎక్కితే సరిగ్గా అక్కడే యాంగిల్ కింద కాంక్రీటు చిట్లి ట్రాక్ కుంగుతుంది.

కుంగిన చోటు తేల్చడానికి ట్రాక్ రెండు చివర్లా ఒకే మందం చెక్కముక్కలు పెట్టి, వాటి మీదుగా దారం బిగించి లాగండి. దారానికీ ట్రాక్‌కూ మధ్య సందు ఎక్కడ పెరిగితే అక్కడ గుంట, ఎక్కడ తగ్గితే అక్కడ ఉబ్బు. పైనుంచి సుత్తితో కొడితే లాభం లేదు, కింద ఆధారం లేని ఇనుము మళ్ళీ వంగుతుంది. ఆ ముక్క కోసి తీసి, కింద కొత్త కాంక్రీటు నింపి, అదే సైజు యాంగిల్ అతికించాలి. వెల్డింగ్ గడ్డను గ్రైండర్‌తో పట్టించి అంచు నున్నగా చేయించండి. అతుకు మీద వేలు పోనిస్తే మెట్టు తగలకూడదు. మిగిలిన మెట్టు చక్రాన్ని దాటిన ప్రతిసారీ కొడుతుంది.

అపోహ: మోటారు పెడితే బరువు సమస్య తీరిపోతుంది.

వాస్తవం: మోటారు క్లచ్ విడిపించాక గేటు ఒక మనిషి చేత్తో తేలిగ్గా జరగాలి. జరగని గేటుకు పెద్ద మోటారు బిగిస్తే పళ్ళు, గేర్లు అరుగుతాయి. శక్తి పెంచి పెట్టిన మోటారు ఎదురుగా మనిషి తగిలినా ఆగకపోవచ్చు.

చక్రం మార్చే ముందు గేటును తాడుతో రెండు చోట్ల పిల్లర్‌కు కట్టండి. జాకీతో ఎత్తాక కట్టె దిమ్మ పెట్టందే చెయ్యి అడుగుకు పోనివ్వకండి. అలాగే ట్రాక్ రెండు చివర్లా స్టాపర్లు ఉన్నాయా, వాటి వెల్డింగ్ పగలలేదా చూడండి. స్టాపర్ లేని గేటు పై రోలర్ల నుంచి తప్పుకుంటే పక్కకు పడిపోతుంది, ఒక మనిషి ఆపగలిగే బరువు కాదది. ఆ స్టాపర్ లేకపోతే మిగతా రిపేరు కన్నా ముందు అదే వేయించండి.