తూటా గుర్తులు, సంతకాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: కాల్చాక మిగిలిన తూటా ఖాళీ గొట్టం, అంటే షెల్‌ను కంప్యూటర్‌లో పెడితే ఫలానా తుపాకీదేనని చెప్పేస్తుంది.

కంప్యూటర్ చేసేదల్లా దగ్గరగా ఉన్న గుర్తుల జాబితా ఇవ్వడం. తేల్చేది మనిషి, మైక్రోస్కోప్ కింద.

పట్టుబడిన తుపాకీతో ముందు ఫోరెన్సిక్ ల్యాబులో మేమే నీళ్ల ట్యాంకులోకో, దూది పెట్టెలోకో కొన్ని రౌండ్లు కాలుస్తాం. ఆ టెస్ట్ షెల్స్‌ను మొదట ఒకదానితో ఒకటి పోల్చుకుంటాం. ఆ తుపాకీ ప్రతిసారీ ఒకే గుర్తు వేస్తోందో లేదో తెలియకుండా ఘటనా స్థలంలో దొరికిన షెల్‌ను వాటి పక్కన పెట్టి పోల్చినా లాభం లేదు.

క్యాలిబర్, బ్యారెల్ లోపలి గాడుల సంఖ్య, వెడల్పు, అవి తిరిగిన దిశ: ఇవి లెక్కపెట్టేవి, కొలిచేవి. ఇక్కడే తేడా వస్తే పని అక్కడితో సరి. అన్నీ కలిస్తే తెలిసేది ఆ రకం తుపాకీ అని మాత్రమే, అలాంటివి వేలల్లో ఉంటాయి. (నాటు తుపాకులకు చాలావాటికి అసలు గాడులే ఉండవు, ఉత్త పైపు. అప్పుడు బుల్లెట్ కన్నా షెల్ అడుగే ఎక్కువ చెబుతుంది.)

అసలు కష్టం ఆ తర్వాత. షెల్ అడుగున ఫైరింగ్ పిన్ కొట్టిన గుంట, దాని చుట్టూ బ్రీచ్ ముఖం, అంటే షెల్ అడుగుకు ఆనుకుని ఉండే తుపాకీ భాగం, అద్దిన సన్నటి గీతలు. కంపారిజన్ మైక్రోస్కోప్‌లో ఎడమ సగం కేసు షెల్, కుడి సగం టెస్ట్ షెల్ కనిపిస్తాయి. తిప్పుతూ, వెలుతురు కోణం మారుస్తూ గీతలు గీతల్లో కలుస్తున్నాయా అని చూస్తాం. ఎన్ని కలిస్తే చాలు? బుల్లెట్ మీది గీతలకు వరుసగా కలిసినవి లెక్కించే పద్ధతి ఒకటుంది. పిన్ గుంటకు అలాంటి లెక్క లేదు. మా రంగంలో చెలామణిలో ఉన్న కొలబద్ద 'తగినంత పోలిక'. అంటే, వేర్వేరు తుపాకుల మధ్య తెలిసిన అత్యధిక పోలిక కన్నా ఇది ఎక్కువగా ఉండాలి. ఆ అత్యధిక పోలిక చాలావరకు పరీక్షకుడి అనుభవంలోనే ఉంటుంది. పైగా ఒకే పనిముట్టుతో వరుసగా కోసిన భాగాలకు ఒకే రకం గీతలు పడతాయి. వాటిని ఆ ఒక్క తుపాకీవే అనుకుంటే నిర్దోషి ఇరుక్కుంటాడు.

అపోహ: తప్పుల శాతం ఒక్కటే, అది అందరికీ తెలిసిందే.

2014లో అమెరికాలోని ఏమ్స్ లాబొరేటరీ చేసిన పరీక్షలో వేర్వేరు తుపాకుల షెల్స్‌ను 2,178 సార్లు పోల్చారు. 'ఒకే తుపాకీ' అని తప్పు చెప్పింది 22 సార్లు. 'తేల్చలేం' అన్నది 735 సార్లు. ఆ 735నూ లెక్కలో కలిపితే తప్పు దాదాపు నూటికి ఒకటి. పక్కన పెడితే 66కు ఒకటి. అంకెలు అవే, లెక్కగట్టే తీరు వేరు. కొన్ని ల్యాబులు తుపాకీ దొరికినా సన్నటి గీతల తేడాతో 'కాదు' అనడానికి ఒప్పుకోవు, వాళ్లకు 'తేల్చలేం' ఒక్కటే దారి.

అపోహ: రెండు సంతకాలు అచ్చుగుద్దినట్టుంటే ఒకరివే.

ఉల్టా. ఎవరూ రెండుసార్లు ఒకేలా సంతకం పెట్టరు. ఒకదానిపై ఒకటి పెట్టి వెలుతురుకు పట్టుకుంటే గీత గీతకూ కలిసిందంటే, ఒకదాన్ని చూసి దిద్దారన్న అనుమానమే ముందు వస్తుంది.

అమెరికాలో 1868 నాటి హౌలాండ్ వీలునామా కేసు ఇదే. సిల్వియా హౌలాండ్ సంతకాలు రెండు మరీ బాగా కలిశాయి. గణితవేత్త బెంజమిన్ పీర్స్ ఆమెవే 42 సంతకాలు తీసుకుని, ఒక్కో సంతకంలోని 30 కిందిగీతలను జతలుగా పోల్పించాడు. సగటున ఐదింట ఒక గీత కలిసింది. అయితే ముప్పై గీతలూ కలిసే అవకాశం 5ను 30 సార్లు హెచ్చించినంతలో ఒకటి అన్నాడు. లెక్క దిమ్మతిరిగేలా ఉంది కానీ, ఒక గీత కలవడానికీ పక్క గీత కలవడానికీ సంబంధం లేదనుకున్నాడు. ఒకే చేతి ఊపులో పడే గీతలకు అది చెల్లదు. చివరికి కోర్టు ఆ కేసును వేరే కారణంతో తేల్చేసింది.

చేతిరాతలో మేం చూసేది అక్షరం అందం కాదు, కలం నడక. తలకట్టు అక్షరంతో కలిపి ఒకే ఊపులో వేశాడా, కలం ఎత్తి పెట్టాడా? ఒత్తు అప్పుడే వేస్తాడా, పదం అయ్యాక వెనక్కొచ్చి వేస్తాడా? కాపీ కొట్టే చేయి మెల్లగా కదులుతుంది కాబట్టి గీత వణుకుతుంది, మొనలు మొద్దుబారతాయి, ఆగకూడని చోట కలం ఆగుతుంది. ముసలితనంలోనూ గీత వణుకుతుంది. ఆ వణుకు అంతటా ఉంటుంది, కాపీ వణుకు తరచూ కష్టమైన మలుపుల దగ్గర పోగవుతుంది. అది కూడా ఖాయం కాదు.

వీలునామాపై తలకట్టు విడిగా ఉంది, బ్యాంకు కాగితాల్లో కలిసి ఉంది అనుకోండి. అది మరొకరి చేయా, ఆయన రాతలోనే అప్పుడప్పుడూ వచ్చే మార్పా? అదే కాలంలో, మామూలుగా పెట్టిన సంతకాలు పది, పదిహేను ఉంటే ఆయన రాత ఎంతవరకు మారుతుందో తెలుస్తుంది. రెండే ఉంటే నేను ఏది చెప్పినా ఊహే. పోలీస్ స్టేషన్‌లో కూర్చోబెట్టి రాయించినవి అంత నమ్మదగ్గవి కావు. భయంతోనో, కావాలనో చేయి మారుతుంది.

ఇక కేసు కాగితాలతో పాటు పోలీసుల నుంచి మాకు వచ్చే ఉత్తరం. 'నిందితుడు ఒప్పుకున్నాడు, నిర్ధారించగలరు' అని అందులో ఉంటే కళ్లు పోలికలే వెతుకుతాయి. అందుకే వివాదంలో ఉన్న కాగితాన్ని ముందు విడిగా చూసి, దాని లక్షణాలన్నీ రాసి సంతకం పెట్టి, ఆ తర్వాతే నమూనాల కవర్ విప్పాలి. కోర్టులో క్రాస్ చేసే లాయరు 'కవర్లు ఏ వరుసలో విప్పారు, నోట్సు చూపించండి' అని అడగవచ్చు. చాలామంది అడగరు.